మూడు కాగితాలకూ ఒకే స్టాంపు పేపరా? మా అమ్మాయి అడ్మిషన్‌లో నా అనుభవం

ఈ మధ్యాహ్నమే అడ్మిషన్ రసీదు చేతికొచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

మా అమ్మాయి ఇంటర్ తర్వాత ఒక ఏడాది నీట్ కోచింగ్‌లో ఉండి, ఈసారి డిగ్రీలో చేరింది. సీటు, ఫీజు, ఒరిజినల్స్ పరిశీలన సాఫీగా జరిగిపోయాయి. చివర్లో గుమాస్తా ఒక చీటీ ఇచ్చాడు. గ్యాప్ అఫిడవిట్, ర్యాగింగ్ వ్యతిరేక డిక్లరేషన్, మైగ్రేషన్ సర్టిఫికెట్ తర్వాత ఇస్తామనే అండర్‌టేకింగ్ కావాలట. కింద ఎర్ర సిరాతో "అన్నీ వంద రూపాయల స్టాంపు పేపరు మీద, నోటరీతో" అని రాశాడు.

అక్కడే తప్పు. అఫిడవిట్ అంటే జరిగిపోయిన విషయాన్ని ప్రమాణం చేసి చెప్పడం. ప్రమాణం చేయించే అధికారం ఉన్నవారు, అంటే నోటరీయో మేజిస్ట్రేటో, ఎదురుగా ఉండాలి. వారి ముందే సంతకం చేయాలి. కాలేజీకో ఆఫీసుకో ఇచ్చే అఫిడవిట్‌కు స్టాంపు కావాలి, దాని విలువ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కోర్టులో వెంటనే దాఖలు చేసేదానికీ, పింఛను కోసమే రాసేదానికీ స్టాంపు చట్టం మినహాయింపు ఇచ్చింది. డిక్లరేషన్‌లో ప్రమాణం ఉండదు. "పైవి నిజం" అని తెల్లకాగితం మీద సంతకం చేస్తే చాలు. పాస్‌పోర్టు అనుబంధ పత్రాలకే 2016 చివర్లో నోటరీ తీసేసి తెల్లకాగితం చాలన్నారు. ర్యాగింగ్ పత్రాన్ని ఇప్పుడు antiragging.in లో నింపితే మెయిల్‌కు నంబరు వస్తుంది. ఇంట్లోనే ముగించాం.

గ్యాప్ అఫిడవిట్ కోసం కోర్టు దగ్గరికి వెళ్తే బయట టైపు మిషన్ల దగ్గర ఒకాయన "పాప రానక్కర్లేదు సార్, సంతకం పెట్టించి తెండి, సీలు నేను వేయిస్తా" అన్నాడు. ఆ సంతకాన్ని ఎవరూ చూడనప్పుడు అది ప్రమాణం ఎలా అవుతుంది? లోపల ఒక పెద్దాయన నోటరీని పట్టుకున్నాం. మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి, ఖాళీగా ఉన్న ఏడాదీ తనదే. అందుకని ప్రమాణకర్తగా ఆమే ఉండాలని, నేను సంతకం చేస్తానంటే ఒప్పుకోలేదు. ఆధార్ చూసి, పత్రం ఆమె చేతే చదివించి, తన ఎదుట ప్రతి పేజీ మీదా, తర్వాత రిజిస్టర్‌లోనూ సంతకం చేయించి, ఆ క్రమసంఖ్య వేసి ముద్ర గుద్దారు. అలాంటివారికి ఫీజు ఇవ్వడానికి చేయి వెనక్కిపోదు.

అసలు అవమానం కాలేజీలో. గుమాస్తా పత్రం చదవలేదు. తిప్పి, వెనకవైపు స్టాంపు వెండరు ఊదా సిరాతో వేసిన తేదీ చూశాడు. అమ్మాయి పేరుతోనే కొన్నాను గానీ, అంతకుముందు వేరే పని కోసం నవంబరులో తీసుకున్న కాగితం అది. "ఆరు నెలలు దాటింది, చచ్చిన పేపరు. చదువుకున్నవాళ్లు కూడా ఇలా తెస్తారు!" అని వరుసంతా వినేలా అన్నాడు. అమ్మాయి తల దించుకుంది.

ఆ ఆరు నెలల గడువు స్టాంపు చట్టం 54వ సెక్షన్‌లోది. వాడని స్టాంపును తిరిగిచ్చి డబ్బు తీసుకోవడానికి పెట్టిన గడువు అది, వాడుకోవడానికి కాదు. పాత స్టాంపు పేపరు వాడినంత మాత్రాన పత్రం చెల్లకుండా పోదని 2008లో తిరువెంగడ పిళ్లై కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని పాత కాగితం మీద పాత తేదీ వేస్తే అది మోసమే. మా పత్రం మీద ప్రమాణం చేసిన రోజు తేదీయే ఉంది. ఇదంతా చెబితే "మీరు లాయరా?" అన్నాడు. కాదు, ముప్పై ఏళ్లు రికార్డులు రాసినవాణ్ణి. నాకు తెలిసినంత ఆ కౌంటర్లో ఎవరికీ తెలియదని గట్టిగానే అన్నాను. తర్వాతివాళ్లను రమ్మన్నాడు.

నేరుగా సూపరింటెండెంట్ మేడమ్ గదిలోకి వెళ్లాం. ఆవిడ పత్రం మొత్తం చదివి, నోటరీ క్రమసంఖ్య చూసి "ఇందులో లోపమేముంది?" అని తీసుకున్నారు. అండర్‌టేకింగ్‌కు స్టాంపు ఎందుకమ్మా అని అడిగితే నవ్వి, తెల్లకాగితం ఇచ్చారు. అది ముందు ముందు చేయబోయే పనికి మాట ఇవ్వడం. ఎవరికి మాట ఇస్తున్నామో వారి ముందు సంతకం చేస్తే సరిపోతుంది. గడువులోగా మైగ్రేషన్ ఇవ్వకపోతే అడ్మిషన్ రద్దుకు ఒప్పుకుంటామని అమ్మాయి, నేను ఆవిడ ఎదుటే సంతకాలు చేశాం. అయితే "మీకు నష్టం వస్తే నేను భరిస్తాను" అని బ్యాంకులు రాయించుకునే పత్రం వేరు. పైన అండర్‌టేకింగ్ అని ఉన్నా లోపల ఉండేది నష్టపూచీ బాండే, దానికి స్టాంపు తప్పదు.

మీకూ ఇలాంటి చీటీ ఇస్తే, స్టాంపు కొనేముందు ప్రతి కాగితానికీ "ఎవరి ముందు సంతకం చేయాలి?" అని అడగండి. గుమాస్తా నసిగితే పై అధికారి గది ఎక్కడో కనుక్కోండి. మైగ్రేషన్ కోసం బోర్డుకు దరఖాస్తు పెట్టాం. గడువు నెలాఖరుకు.