స్పెల్ చెకర్ లాగ్, 3వ వారం: పలక నుంచి చిలక ఎంత దూరం?

పోయిన వారం పదాల లిస్ట్ రెడీ అయింది కదా, ఈ వారం అసలు పని, అంటే తప్పుగా టైప్ చేసిన పదానికి లిస్ట్‌లో ఏది దగ్గరో చూడటం. దీనికి ఎడిట్ డిస్టెన్స్ వాడుతున్నా. ఒక పదాన్ని ఇంకో పదంగా మార్చడానికి కనీసం ఎన్ని మార్పులు కావాలి అనేదే లెక్క, ఒక అక్షరం చేర్చడం, తీసేయడం, మార్చడం, ఒక్కోదానికి ఖర్చు 1. 1965లో లెవెన్‌స్టైన్ చెప్పిన కొలత ఇది.

కోడ్ రాసి పలక, చిలక ఇస్తే 2 వచ్చింది. కంటికి ఒక్క అక్షరమే కదా తేడా, 2 ఎందుకు? కోడ్ మీద డౌట్ వచ్చి మావాడి లెక్కల నోట్‌బుక్‌లో గళ్ల పేజీ ఒకటి చింపి, పెన్సిల్‌తో టేబుల్ నింపడం మొదలెట్టా.

కంప్యూటర్‌కి చిలక మూడు కాదు నాలుగు ముక్కలు: చ, గుడి, ల, క. పలక మూడే. పై వరసలో, ఎడమ నిలువులో 0, 1, 2 అని వేసుకుంటూ పోవాలి (ఏమీ లేని చోటు నుంచి అన్ని అక్షరాలు చేర్చాలి కాబట్టి). ఆ తర్వాత ప్రతి గడికి మూడు దార్లు: పై గడి + 1, ఎడమ గడి + 1, ఐమూల గడి + 1. ఆ రెండు అక్షరాలు ఒకటే అయితే మాత్రం ఐమూల గడి ఉన్నదున్నట్టే దిగుతుంది. వీటిలో చిన్నది రాయడమే.

| | – | చ | గుడి | ల | క |
|---|---|---|---|---|---|
| – | 0 | 1 | 2 | 3 | 4 |
| ప | 1 | 1 | 2 | 3 | 4 |
| ల | 2 | 2 | 2 | 2 | 3 |
| క | 3 | 3 | 3 | 3 | 2 |

ల వరసలో ల కింద గడి చూడండి, పైన 3, ఎడమ 2, ఐమూల 2. అక్షరాలు కలిశాయి కాబట్టి ఐమూల 2 అలాగే దిగింది. ఫస్ట్ టైమ్ నేను ఇక్కడే బోల్తా పడ్డా, కలిసినా కూడా +1 వేసుకుంటూ పోయా, చివరి గడిలో 4 వచ్చింది. చిలకలో ఉన్నవే నాలుగు ముక్కలు, అంటే రెండు పదాల్లో ఒక్క ముక్క కూడా కలవనంత ఖర్చు, చివర లక రెండిట్లో ఉండగా అలా రావడమేంటి అని అప్పుడు వెలిగింది. ఇంకో చెకింగ్ కూడా ఉంది, పక్క పక్క గడుల మధ్య, పై కింద గడుల మధ్య తేడా 1 దాటకూడదు, దాటితే ఎక్కడో కూడిక తప్పినట్టే.

సో కోడ్ కరెక్టే, 2 నిజమే. కానీ చివరి గడి నుంచి వెనక్కి నడిచి చూస్తే తమాషా బయటపడింది. క, ల రెండూ ఐమూలగా ఫ్రీగా ఎక్కేస్తాయి, ఆ పైన రెండు దార్లున్నాయి. ఒకటి, ప ని చ చేసి గుడి చేర్చడం. రెండోది, ముందు చ చేర్చి, ప ని గుడిగా మార్చడం! హల్లుని గుడిగా మార్చడమేంటండీ, కానీ టేబుల్‌కి రెండూ ఒకటే ఖర్చు.

అందుకే అక్షరాలుగా విడగొట్టి చూద్దామనుకున్నా, ఒత్తులు, గుణింతం అన్నీ కలిపి ఒక్కో ముక్క:

```
re.findall(r'[\u0C05-\u0C39](?:\u0C4D[\u0C15-\u0C39])*[\u0C3E-\u0C4D]?[\u0C01-\u0C03]?', w)
```

ఇప్పుడు చి, ల, క మూడే, పలకకి దూరం 1. అమ, అమ్మ కూడా 2 నుంచి 1కి దిగింది (ముందు పొల్లు ఒకటి, మ ఒకటి లెక్కయ్యేవి). పనిలో పనిగా ఇంకో బగ్ కూడా పోయింది. కొన్ని పదాల చివర ZWNJ అనే కంటికి కనపడని క్యారెక్టర్ ఉండిపోయి, స్క్రీన్ మీద ఒకేలా ఉన్న రెండు "బస్"ల మధ్య దూరం 1 చూపించేది, అరగంట తల పట్టుకున్నా దాంతో. ఈ లైన్ దాన్ని అసలు ఏరుకోదు.

కానీ సంబరం సాయంత్రం దాకానే. చిలక చుట్టూ పలక, పిలక, గిలక, నలక, మొలక అన్నీ 1 దూరంలోకి వచ్చి కూర్చున్నాయి, పి నుంచి చి అయినా, మొ నుంచి చి అయినా ఒకటే ఖర్చు. మనోళ్లు మాట్లాడినట్టే చిల్క అని కొడితేనేమో ల్క ఒకటే ముక్క, దాన్ని ల, క చేయడానికి 2. పాత ముక్కల లెక్కలో అయితే అక్కడ మధ్యలో పొల్లు ఒక్కటి తీసేస్తే చాలు, 1.

ప్రస్తుతానికి రెండు దూరాలూ కూడేసి వాడుతున్నా, పిలకకి 2, పలక, నలక, మొలకలకి తలా 3. చిల్కకి కూడా 3 రావడం నాకు నచ్చలేదు, అది అందరికంటే ముందుండాలి. వచ్చే వారం పొల్లు చేర్చడం, తీసేయడం ఖర్చు సగానికి తగ్గించి చూస్తా, అప్పుడు మళ్లీ గళ్ల పేజీ కావాలి, మావాడు నోట్‌బుక్ దాచేశాడు.