సోమవారం నుంచి శనివారం దాకా

పొద్దుటి నుంచి అమలాపురంలో ఒకటే వాన. కొబ్బరి దింపేవాళ్ళు ఇక రారని తేలిపోయింది, కరెంటు కూడా లేదు. అన్నయ్య కూతురు రీజనింగ్ పుస్తకం పట్టుకుని అరుగు మీదికొచ్చింది. బ్యాంకు క్లర్కు ప్రిలిమ్స్‌కి చదువుతోంది. అందులో రీజనింగ్ 35 ప్రశ్నలు, టైము 20 నిమిషాలు. ఒక్క పజిల్ తప్పితే దాని కింద ప్రశ్నలన్నీ పోతాయని దాని టెన్షన్.

పుస్తకం పక్కన పెట్టించి నేనే ఒకటి కల్పించాను. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకొకరు చొప్పున ఆరుగురు అంతర్వేది వెళ్ళారు. సత్తిబాబు వెళ్ళాక ఇద్దరు వెళ్ళారు, ఆ తర్వాత పద్మ. పద్మ వెళ్ళిన మర్నాడే వాణి. రవి సత్తిబాబుకి ముందురోజూ వెళ్ళలేదు, మర్నాడూ వెళ్ళలేదు. లక్ష్మి బాబ్జీ కంటే ముందే వెళ్ళింది. బుధవారం వెళ్ళింది బాబ్జీ కాదు.

అది రవితో మొదలుపెట్టబోయింది. ఆపాను. "కాదు" అనే షరతు ఒక్కటే ఉంటే ఏ గడీ నిండదు. ముందు పొడుగాటి గొలుసు వెతకాలి. సత్తిబాబు, రెండు ఖాళీలు, పద్మ, వాణి: మొత్తం ఐదు రోజులు. ఆరు రోజుల్లో ఐదు రోజుల గొలుసు రెండు రకాలుగానే పడుతుంది, సోమవారం నుంచి గానీ మంగళవారం నుంచి గానీ. అందుకే కాగితం మీద రెండు పట్టికలు గీయించాను.

మంగళవారం నుంచి పెడితే సోమ, బుధ, గురువారాలు మిగులుతాయి. మొదటి రెండూ సత్తిబాబుకి ఆనుకున్నవే కాబట్టి రవికి గురువారం ఒక్కటే దిక్కు. అప్పుడు లక్ష్మి సోమవారం, బాబ్జీ బుధవారం. బుధవారం బాబ్జీ కాదన్న చివరి షరతు ఇంకా ముట్టుకోలేదు.

"చకచకా పడిపోయింది బాబాయ్, ఇదే జవాబు!"

"రెండో పట్టిక కొట్టేశావా అమ్మా?"

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. ఒక పట్టిక చక్కగా నిండిందంటే అది కుదరవచ్చని మాత్రమే అర్థం. ఇంకొకటి కుదరదని తేలేదాకా అది జవాబు కాదు. సోమవారం నుంచి పెడితే మంగళ, బుధ, శనివారాలు మిగులుతాయి. రవి బుధవారమైనా వెళ్ళొచ్చు, శనివారమైనా వెళ్ళొచ్చు. ఎలా చూసినా లక్ష్మిది మంగళవారమే. అంటే చేతిలో మూడు పట్టికలు. చివరి షరతు అప్పుడు తీయాలి. బాబ్జీని బుధవారం కూర్చోబెట్టిన రెండూ ఎగిరిపోయాయి, దాని చక్కటి పట్టికతో సహా. మిగిలింది: సత్తిబాబు, లక్ష్మి, రవి, పద్మ, వాణి, బాబ్జీ.

కాసేపు మూతి ముడుచుకుని, తర్వాత కొట్టేసిన పట్టికల్నే మళ్ళీ చూస్తూ కూర్చుంది. "బాబాయ్, ఆఖరి షరతు ఇవ్వకపోయినా ఒకటి చెప్పొచ్చు. మూడింట్లోనూ లక్ష్మి, సత్తిబాబు పక్కపక్క రోజుల్లోనే వెళ్ళారు."

అది నాకు తట్టనేలేదు.