ఆర్టీఐ అర్జీ, ఒక తప్పు స్నూజ్ తారీఖు: నా అనుభవం

మా భూమి సర్వే నకలు కోసం మండల ఆఫీసుకు ఆర్టీఐ అర్జీ పెట్టిన. అర్జీ రాసుడు పది నిమిషాల పని. మే 29న హనుమకొండలో స్పీడ్ పోస్ట్ చేసి, రసీదు ఫొటోను నాకు నేనే మెయిల్ పంపుకొని, సరిగ్గా 30 రోజులకు స్నూజ్ పెట్టిన. జూన్ 28న మెయిల్ పైకొచ్చింది. 30న ఆఫీసుకు పోయిన.

కిటికీ కాడ గుమస్తా రిజిస్టర్ తిప్పి, పదిమంది ముందట నవ్విండు. "అన్నా, మాకు ముట్టిందే జూన్ రెండు. ఇంకా ముప్పై దినాలు కాలే గద, గప్పుడే వచ్చినవ్!" పొద్దంతా ఖరాబు. అయినా ఆయన మాట నిజమే. చట్టంలో 30 రోజులు మనం పోస్టు చేసిన నాటి నుంచి కాదు, ఆఫీసుకు ముట్టిన నాటి నుంచి. అసలు గడువు జూలై 2.

అందుకే స్నూజ్ తారీఖు పోస్టాఫీసు రసీదు చూసి పెట్టొద్దు. ట్రాకింగ్‌లో 'Delivered' కనబడ్డ రోజు చూసి లెక్కపెట్టాలె. అదీ గడువు రోజుకు కాదు, మరుసటి రోజుకు, ఆఫీసు తెరిచి ఉండే పదకొండు గంటలకు. రాత్రి తొమ్మిదికి మోగితే వేలితో అవతలికి నెట్టేస్తం, అంతే.

రెండో చిక్కు పేరుతోటి. నా మెయిల్ సబ్జెక్ట్ ఉట్టి 'ఆర్టీఐ'. నెల తర్వాత చూస్తే ఏం చేయాల్నో యాదికి రాలే. ఇప్పుడు గిట్ల రాస్తున్న: 'జవాబు రాకపోతే మొదటి అప్పీలు, ఆఖరు ఆగస్టు 1'. స్నూజ్ తారీఖు అంటే మళ్లా చూసే రోజు మాత్రమే, ఎన్నిసార్లయినా జరగొచ్చు. ఆఖరు తారీఖు జరగదు, అందుకే అది పేరులోనే ఉండాలె. లేకుంటే 'రేపు, రేపు' అని నొక్కుకుంట పోతే అప్పీలుకున్న 30 రోజులూ కరిగిపోతయి. తగిన కారణం చూపిస్తే ఆలస్యమైనా తీసుకోవచ్చని చట్టంలో ఉంది గానీ, ఫోన్‌ల స్నూజ్ నొక్కిన అంటే అది కారణమైతదా?

ఇంకో లాభం కూడా ఉంది. గడువు దాటినంక సమాచారమిస్తే నకళ్లకు పైసలు తీసుకోవద్దు, సెక్షన్ 7(6). ఆ తారీఖు చేతిల ఉంటే బిల్లు అడిగినోళ్లకు చూపెట్టొచ్చు.

జూలై 3న స్నూజ్ మళ్లా మోగింది, జవాబు రాలే. 4న అప్పీలు చేతికే ఇచ్చి, నకలు మీద ముద్ర, తారీఖు వేయించుకున్న. అప్పీలు తేల్చుటానికి వాళ్లకు 30 రోజులు, అంటే ఆగస్టు 3. కారణం రాసి 45 దాకా లాగొచ్చు, అంటే ఆగస్టు 18. గందుకే రెండు స్నూజ్‌లు పెట్టిన, ఆగస్టు 4కు ఒకటి, 19కి ఒకటి. రెండోదాని పేరు: 'రెండో అప్పీలు, 90 రోజుల లెక్క మొదలు'.