ఎనిమిది శాతం గడి

లీవులో విశాఖ వచ్చిన మూడో రోజు. ఎంవీపీ కాలనీలో అక్కావాళ్ళ డాబా మీద మేనల్లుడు ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్నాడు. వాళ్ళ కంపెనీ మెయింటెనెన్స్ బడ్జెట్ వాడే చెయ్యాలట. ప్రతి వరుసలోనూ ఒకటే ఫార్ములా: `=B2*1.08`.

"ఏటి మామయ్యా, అలా చూస్తున్నావు? మాకు ఏటా ఇంతే."

దుబాయ్‌లో మాకూ అంతే ఉండేది. ఏడాదికి 8 శాతం అంటే వినడానికి చిన్నదే. కానీ పెరిగినదాని మీదే మళ్ళీ పెరుగుతుంది కాబట్టి 10 లక్షల దిర్హమ్‌లు తొమ్మిదేళ్ళకి 20 లక్షలయ్యాయి. పని మాత్రం రెట్టింపు కాలేదు. మిగిలితే వచ్చే ఏడు కోసేస్తారని డిసెంబరులో ఫిల్టర్లు, బేరింగులు కొని స్టోరు నింపేవాళ్ళం. ఆ బిల్లుల మీద నా సంతకాలూ ఉన్నాయి.

కొత్త ఫైనాన్స్ మేనేజర్ వచ్చి పోయినేటి అంకె అసలు చూపించొద్దన్నాడు. సున్నా నుంచి మొదలుపెట్టి ఏ పని, ఏడాదికి ఎన్నిసార్లు, ఒక్కోసారికి ఎంత అని రాయమన్నాడు. ఏసీ సర్వీసింగ్ నా వంతు. కాంట్రాక్టులో 240 మిషన్లు, ఏడాదికి 4 సర్వీసులు, ఒక్కోదానికి 60 దిర్హమ్‌లు: మొత్తం 57,600. సెప్టెంబరు ఎండలో బిల్డింగుల పైకెక్కి లెక్కపెడితే 171 తేలాయి. తక్కిన 69 ఎప్పుడో ఖాళీ చేసేసిన గోడౌనువి! అసలు ఖర్చు 41,040.

అక్కడితో వదల్లేదు. రెండే సర్వీసులైతే 20,520 సరిపోతుంది, కానీ ఆ దుమ్ముకి ఫిల్టర్లు పూడుకుపోయి ఎండాకాలంలో కంప్రెసర్లు పోతాయి. తక్కువ చేస్తే ఎంత, దానివల్ల ఏం పోతుంది అన్నది ప్రతి పనికీ ఇలాగే రాసి, ముఖ్యమైనది పైన పెట్టి వరసగా పేర్చాలి. డబ్బు ఎక్కడ అయిపోతే అక్కడ గీత.

మా బాసు తెలివి ఇక్కడే బయటపడింది. ఫైర్ పంపు సర్వీసును జాబితాలో చిట్టచివర పెట్టాడు. దాన్ని కొయ్యడానికి ఎవరికి ధైర్యం? కొయ్యలేకపోతే దాని పైనున్నవన్నీ వాటంతటవే బతికిపోతాయి. ఫైనాన్స్ ఆయన ఆ జాబితాని కిందనుంచే చదివాడు. చట్టప్రకారం తప్పనిసరి అయినది అడుగున కనిపించగానే మొత్తం తిప్పి పంపాడు.

చివరికి 20 లక్షలు 17కి దిగాయి. జీతాలు, గడువు తీరని కాంట్రాక్టులు ఎవరూ ముట్టుకోలేకపోయారు. ఈ కసరత్తుకి రెండు నెలలు పట్టింది, మరుసటి ఏడాది మళ్ళీ ఫార్ములాకే వచ్చేశాం, కాకపోతే 8 బదులు 3 శాతం. ఏటా ఇలా చెయ్యడం ఎవరివల్లా కాదు, వంతులవారీగా ఏడాదికి రెండు మూడు పద్దులు తవ్వితే నయమని నాకనిపిస్తుంది.

"నాకు పది రోజులే టైముంది మామయ్యా," అన్నాడు వాడు.

"అయితే ఒక్కటే తియ్యి. జనరేటర్ డీజిలు. పోయినేడు ఎన్ని గంటలు తిరిగిందో మీటరు చూసిరా."


వాడు ఆ ఒక్క గడిలో ఫార్ములా చెరిపేశాడు.