అడిగిన టీకా ఇవ్వలేదు, వద్దనుకున్నది వేశారు

రెండోసారి గర్భవతినైనప్పుడు చేసిన తొలి రక్తపరీక్షల్లో అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క రుబెల్లా తప్ప. ఆ పేరు పక్కన ‘నెగెటివ్’ అని ఉంది. జబ్బు లేదన్నమాట అనుకుని సంతోషించాను. తీరా అసలు అర్థం వేరు. రుబెల్లాను అడ్డుకునే యాంటీబాడీలు నా ఒంట్లో లేవని. తొలి నెలల్లో అది తల్లికి సోకితే బిడ్డకు చెవుడు, కంట్లో శుక్లం, గుండె లోపాలు రావచ్చని చదివాక నిద్ర పట్టలేదు. డాక్టరు గారి ముందు కూర్చోగానే, “ఆ టీకా ఇవాళే వేసేయండి మేడమ్” అన్నాను.

“ఇప్పుడు కుదరదమ్మా, కాన్పయ్యాకే” అన్నారావిడ.

రుబెల్లాకు వేసేది ఎంఎంఆర్ టీకా. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా వైరస్‌లను బాగా నీరసింపజేసి అందులో పెడతారు. నీరసించినా అవి ప్రాణంతోనే ఉంటాయి. ఒంట్లో కొద్దిగా పెరిగి, ఆ పెరుగుదలతోనే మన రోగనిరోధక శక్తికి పాఠం నేర్పుతాయి. పెద్దవాళ్లకు దానితో పెద్ద ఇబ్బంది ఉండదు. కానీ రక్తంలో తిరిగే వైరస్ మాయ దాటితే, దాన్ని ఎదుర్కొనే శక్తి కడుపులోని బిడ్డకు ఇంకా రాదు. ఆటలమ్మ టీకాను ఆపేదీ ఇందుకే.

“మరి తెలియక వేయించుకున్నవాళ్ల సంగతి?” అని అడిగాను. అలాంటి తల్లులను చాలామందిని గమనించారట. ఆ టీకా వల్ల రుబెల్లా లోపాలతో పుట్టిన బిడ్డ ఒక్కరూ తేలలేదు కాబట్టి, గర్భం తీయించుకోవాల్సిన అవసరం లేదన్నారు. అయినా తెలిసి తెలిసి ఎవరూ వేయరు. నాకు ఆవిడ చెప్పిన జాగ్రత్త ఒక్కటే: ఒంటి మీద దద్దుర్లు, జ్వరం ఉన్నవాళ్లకు దూరంగా ఉండి, అనుమానం వస్తే వెంటనే ఫోను చేయాలి. మా పెద్దవాడికి ఎంఎంఆర్ రెండో డోసు పడాల్సి ఉంది. నా కోసం దాన్ని వాయిదా వేద్దామనుకున్నాను. అక్కర్లేదన్నారు, టీకా వేసుకున్న పిల్లల నుంచి ఆ వైరస్ ఇంట్లోవాళ్లకు సోకదు. పైగా వాడికి రుబెల్లా రాకుండా ఉంటే నాకే మంచిది.

ఐదో నెలలో ఫ్లూ టీకా వేయించుకోవడానికి వెళ్లినప్పుడు ఈ తేడా కళ్లారా చూశాను. బల్ల మీద రెండు రకాలున్నాయి. ముక్కులో కొట్టే స్ప్రే ఒకటి, సూది ఒకటి. సూదంటే భయం కనుక నా చెయ్యి స్ప్రే వైపే పోయింది. నర్సు నా పొట్ట వైపు చూసి దాన్ని పక్కకు జరిపేసింది. జబ్బు ఒకటే అయినా స్ప్రేలో ఉన్నది ప్రాణమున్న వైరస్, సూదిమందులో ఉన్నది లేనిది. ఆ సూదిమందును ఏ నెలలోనైనా వేయవచ్చు. పుట్టిన బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా ఫ్లూ టీకా వేయరు గనుక, అప్పటిదాకా వాడికి నా యాంటీబాడీలే దిక్కు.

ఇరవై తొమ్మిదో వారంలో టీడాప్ అన్నారు. ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గు, మూడింటికీ కలిపి ఒకే సూది. ఈసారి మొరాయించడం నా వంతు. “మూడేళ్ల క్రితం మొదటి కాన్పుకు వేశారుగా, ధనుర్వాతం టీకా పదేళ్లు పనిచేస్తుందంటారుగా?” అన్నాను. డాక్టరు గారు ఓపికగా చెప్పారు. ఇక్కడ అసలు సంగతి ధనుర్వాతం కాదు, కోరింత దగ్గు. దాని యాంటీబాడీలు త్వరగా తగ్గిపోతాయి. నన్ను కాపాడటానికి ఉన్నవి సరిపోవచ్చేమో గానీ, బిడ్డకు పంచేంత మిగలవు. అందుకే ప్రతి గర్భంలోనూ మళ్లీ వేస్తారు.

వారం లెక్క కూడా అందుకే. టీకా పడ్డాక యాంటీబాడీలు బాగా పెరగడానికి రెండు వారాలు పడుతుంది. మాయ వాటిని బిడ్డకు ఎక్కువగా దాటించేది చివరి మూడు నెలల్లో. కాబట్టి 27 నుంచి 36 వారాల మధ్య వేస్తారు, ముందు వైపు అయితే ఇంకా మేలు. కాన్పయ్యాక వేస్తే దగ్గు నాకు రాకుండా ఆపుతుందేమో గానీ, బిడ్డ రక్తంలోకి మాయ ద్వారా చేరే దారి అప్పటికే మూసుకుపోతుంది. బిడ్డకు సొంత టీకాలు మొదలయ్యేది ఆరు నుంచి ఎనిమిది వారాలకు. ఈలోగా కోరింత దగ్గు పట్టుకుంటే పసికందులు ఒక్కోసారి దగ్గను కూడా దగ్గరు, ఊపిరి ఆగి నీలంగా మారిపోతారు. ఆ మాట విన్నాక మారు మాట్లాడకుండా చెయ్యి చాపాను. రెండు రోజులు భుజం సలిపింది, ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయాను. అంతకు మించి ఏమీ కాలేదు.

ముప్పై తొమ్మిదో వారంలో పాప పుట్టింది. ఇంటికి పంపే రోజు ఉదయం ఎంఎంఆర్ సూదితో నర్సు వచ్చింది. పాలిచ్చే తల్లులకు దీనితో ఇబ్బంది లేదని చెబుతూ ఒక కాగితం ఇచ్చింది. అందులో మొదటి ప్రశ్న: మీరు గర్భవతా? ఒళ్లో రెండు రోజుల పాప నిద్రపోతుంటే ‘కాదు’ అని గీత గీశాను. “ఇంకో నెల రోజులదాకా గర్భం రాకుండా చూసుకోండి” అంది నర్సు. నవ్వబోతే కుట్లు లాగాయి.