లైన్ ఎక్కడ విరవాలి

“సుంకేసుల నుంచి కేసీ కాలువకు రెండు వేల...” అని కర్నూలు స్టూడియోలో వార్తలు చదివే అక్క ఆగిపోయింది. “ఐదు వందల క్యూసెక్కులు” అన్న లైన్, చదవాల్సిన మాటలు చూపే ప్రాంప్టర్‌లో ఇంకా పైకి రాలేదు. కళ్లు కింద వెతకడం కెమెరాకు దొరికిపోయింది.

ఇలా విరిచి మళ్లీ తీశాం:

సుంకేసుల బ్యారేజీ నుంచి
కేసీ కాలువకు
రెండు వేల ఐదు వందల క్యూసెక్కులు

2,500 అని అంకెల్లో పెడితే చదివేవాళ్లు మనసులో మాటలుగా మార్చుకోవాలి. అందుకే పలికినట్టే రాయాలి. ఇంకోటి, అక్షరం సైజు ముందే ఖాయం చేసుకోవాలి. విరిచాక పెంచితే లైన్లన్నీ చెదిరిపోతాయి.

తర్వాతి వార్తలో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌తో వచ్చింది. పక్కన బ్రాకెట్లో ఉచ్చారణ రాస్తే టెన్షన్‌లో రెండూ చదివేస్తారు. స్పెల్లింగ్ తీసేసి “వెర్‌-సాయ్” ఒక్కటే ఉంచాం. అక్క తడబడకుండా చదివేసింది.