ఫిత్రా ముందు, నమాజు తర్వాత: హైదరాబాద్‌లో ఒక రంజాన్ ఉదయం

2024లో ఉగాది ఏప్రిల్ 9న, మంగళవారం వచ్చింది. ఆ సాయంత్రంతోనే రంజాన్ నెలలో 29వ ఉపవాసం పూర్తవుతుంది. నెలవంక కనిపిస్తే మర్నాడే పండుగ, కనిపించకపోతే 30 ఉపవాసాలూ నిండాక గురువారం. రాజమండ్రిలో ఉగాది పచ్చడి తిని, ఎందుకైనా మంచిదని ఆ రాత్రికే గోదావరి ఎక్స్‌ప్రెస్ టికెట్ తీసుకున్నాను. స్టేషన్‌కి బయలుదేరుతుండగా హైదరాబాద్ నుంచి మా మిత్రుడి మెసేజ్: "చాంద్ కనిపించలేదు. పండుగ గురువారం. టెన్షన్ పడకుండా రా."

పంచాంగం చూసేవాళ్లకి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. అమావాస్య వెళ్లిన మర్నాటి సాయంత్రం చంద్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా ఉంటాడు, సన్నటి గీత చాలాచోట్ల కంటికి ఆనదు. విదియనాటికి బాగా కనిపిస్తాడు. కేరళలో ఆ మంగళవారమే నెలవంక చూశామని బుధవారం పండుగ చేసుకున్నారు, హైదరాబాద్‌లో గురువారం చేసుకున్నారు. "మీ పండుగ రెండు రోజులేమిటి?" అని పక్కింటివాళ్లు అడిగేది దీని గురించే.

అలా నాకు బుధవారం మొత్తం చేతికి దొరికింది. హుస్సేనీ ఆలంలోని ఆ ఇంట్లో సాయంత్రం నమాజు అయ్యాక, మిత్రుడి నాన్నగారు (ఇంట్లో అందరికీ అబ్బా, నాకూ అబ్బానే) ఒక కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నారు. ఆయన వేస్తున్నది ఫిత్రా లెక్క.

షీర్ ఖుర్మా గురించి మనందరికీ తెలుసు. ఫిత్రా గురించి మాత్రం పక్కింట్లో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకీ పెద్దగా తెలియదు. పండుగ నమాజుకి ముందే పేదవాళ్లకి చేరాల్సిన దానం ఇది. స్తోమత ఉన్న కుటుంబంలో మనిషికింత అని తీస్తారు. ఉపవాసం ఉన్నారా లేదా అన్నది చూడరు. ఆ ఇంట్లో మూడు నెలల పసిపాపతో కలిపి ఏడుగురు, కాబట్టి ఏడు వంతులు. పండుగ నాడు తెల్లవారకముందు బిడ్డ పుడితే ఆ బిడ్డ పేరునా ఇస్తారని అబ్బా చెప్పారు.

దీని కొలత డబ్బులో కాదు, ధాన్యంలో ఉంది. హైదరాబాద్‌లో ఎక్కువమంది ముస్లింలు పాటించే హనఫీ పద్ధతిలో గోధుమలైతే మనిషికి సుమారు పావు తక్కువ రెండు కిలోలు. జాగ్రత్త కోసం రెండు కిలోలు లెక్కపెట్టేవాళ్లూ ఉన్నారు. ఖర్జూరమైతే దానికి రెట్టింపు, అంటే దాదాపు మూడున్నర కిలోలు. కిలో గోధుమలు 40 రూపాయలనుకుంటే మనిషికి 70, ఏడుగురికి 490. అదే కిలో 300 పలికే ఖర్జూరంతో లెక్క కడితే మనిషికి 1,050, ఏడుగురికి 7,350. గోధుమ లెక్కతో ఇచ్చినా బాధ్యత తీరిపోతుంది, కానీ ఉన్నవాళ్లు ఖర్జూరం లెక్కన ఇవ్వడం మంచిదని అబ్బా అభిప్రాయం. ఆయన అలాగే ఇచ్చారు. ఏడాదికోసారి ఆస్తి మీద నూటికి రెండున్నర చొప్పున ఇచ్చే జకాత్ వేరు. మిగులు మీద లెక్కకట్టి ఇచ్చేది అది. నాలుగు లక్షలు ఏడాది పాటు మిగిలి ఉంటే పదివేలన్నమాట.

ఆ డబ్బు కవరులో పెట్టి, సందు చివర కుట్టుపని చేసుకుంటూ ఇద్దరు పిల్లల్ని పెంచుతున్న ఒకావిడ ఇంటికి అప్పుడే పంపించారు. "రేపు నమాజుకి వెళ్తూ ఇచ్చినా చెల్లుతుంది కదా" అన్నాడు మావాడు. "చెల్లుతుంది. కానీ పాలు, సేమియా ఆవిడ ఎప్పుడు కొనుక్కుంటుంది?" అన్నారు అబ్బా. నమాజు దాటాక ఇచ్చేది మామూలు దానం కిందికే వస్తుందని, పండుగ పూట ఎవరూ చెయ్యి చాచకూడదనే ఈ గడువు పెట్టారని ఆయన వివరించారు. దీన్ని కళ్లారా చూడడానికే నేను ఒక రోజు ముందు వచ్చినట్టయింది.

గురువారం తెల్లవారుజామునే స్నానాలు, ఉతికిన బట్టలో కొత్త బట్టలో, అత్తరు. బయలుదేరే ముందు తలా మూడు ఖర్జూరాలు తిన్నారు. నెల రోజులు పగలంతా నోరు కట్టుకున్నవాళ్లకి ఉపవాసం ముగిసిందని తెలిపే మొదటి ముద్ద ఇది, బేసి సంఖ్యలో తినడం ఆనవాయితీ. ఆ ఇంటి ఆడవాళ్లు ఈద్గాకి రాలేదు. కొన్నిచోట్ల వాళ్లకి విడిగా ఏర్పాట్లు ఉంటాయి.

బైకు మీద బహదూర్‌పురా దాకా వెళ్లి, అక్కడి నుంచి జనంతో పాటు మీర్ ఆలం ఈద్గాకి నడిచాం. "అల్లాహు అక్బర్" అంటూ తక్బీర్ చదువుకుంటూ నడుస్తున్నారు. వరుసలు మైదానం దాటి బయటికి వచ్చేశాయి. నేను పక్కన, ఎవరికీ అడ్డం లేని చోట నిలబడ్డాను. నమాజు చేస్తున్నవాళ్ల ముందు నుంచి నడవకూడదు, పరిచిన చాపల మీద చెప్పులతో తిరగకూడదు. చూడడానికి వెళ్లేవాళ్లు ఈ రెండూ గుర్తుపెట్టుకుంటే చాలు.

ఈ నమాజుకి అజాన్ ఉండదు. నిలబడి ఖురాన్ చదవడం, వంగడం, సాష్టాంగపడడం కలిపి ఒక రకాతు, అలాంటివి రెండే. అయితే హనఫీ పద్ధతిలో రోజువారీ నమాజులో లేని ఆరు తక్బీర్లు ఎక్కువగా ఉంటాయి. మొదటి రకాతులో ఖురాన్ చదవడానికి ముందు మూడు, రెండో రకాతులో చదివిన తర్వాత మూడు. ప్రతిసారీ చేతులు చెవుల దాకా ఎత్తాలి. ఏడాదికి రెండుసార్లే వచ్చే పద్ధతి కాబట్టి మొదలుపెట్టే ముందు ఇమాం మైకులో అంతా విడమరచి చెప్పారు. అయినా రెండో రకాతులో నాకు దగ్గరి వరుసలోని పిల్లవాడు మొదటి తక్బీరుకే రుకూలోకి వంగిపోయాడు. పక్కనున్న తాతను చూసి గబుక్కున లేచాడు. వంగాల్సింది నాలుగో తక్బీరుకి. నమాజు అయిపోగానే లేచి వెళ్లిపోరు, ఇమాం చేసే ప్రసంగం, అంటే ఖుత్బా వింటారు. శుక్రవారం ఖుత్బా ముందు, పండుగ నాడు తర్వాత.

ఆ తర్వాత ఆలింగనాలు మొదలయ్యాయి. ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా నన్ను మూడుసార్లు గుండెకి హత్తుకుని "ఈద్ ముబారక్" అన్నారు. "ఖైర్ ముబారక్" అని బదులివ్వడం మావాడు ముందే నేర్పాడు. తిరుగు ప్రయాణం వేరే దారిలో. వెళ్లిన దారిన కాకుండా మరో దారిన రావడం సున్నత్, అంటే ప్రవక్త పాటించిన ఆనవాయితీ. మధ్యలో ఖబరస్తాన్ దగ్గర ఆగి, అబ్బా తన తల్లిదండ్రుల సమాధుల ముందు దువా చేసుకున్నారు.

ఇంట్లో అమ్మీ పెద్ద దేగ్చాలో షీర్ ఖుర్మా సిద్ధం చేశారు. పది మందికైతే రెండు లీటర్ల చిక్కటి పాలు, వంద గ్రాముల సన్న సేమియా, పన్నెండు ఎండు ఖర్జూరాలు, గుప్పెడు సారపప్పు, బాదం, పిస్తా, నెయ్యి, చక్కెర అని చెప్పారు. ఖర్జూరాలు రాత్రే నానబెట్టి, గింజ తీసి, సన్నగా తరిగి నేతిలో వేయించాలి. పాలు ముప్పావు వంతుకి మరగాలి. నేతిలో దోరగా వేయించిన సేమియా అన్నిటికన్నా చివర వేయాలి. ముందే వేస్తే పాలన్నీ పీల్చుకుని ముద్దయిపోతుంది. చల్లారాక ఎలాగూ చిక్కబడుతుంది, అప్పుడు కాసిని వేడి పాలు కలిపితే సరిపోతుంది.

పిల్లలు పెద్దవాళ్లిచ్చిన ఈదీ డబ్బులు లెక్కపెట్టుకుంటుంటే, అమ్మీ పక్కిళ్లకి డబ్బాలు సర్దారు. ఇందులో మాంసం ఏమీ ఉండదు. అయినా ఈ వంటింటి గిన్నెలో వండింది తినడానికి ఇబ్బందిపడే ఒక ఇంటికి వండకుండా సేమియా, ఖర్జూరం, పప్పులు, చక్కెర విడివిడిగా పొట్లాలు కట్టి పంపించారు. "వాళ్ల పాలతో వాళ్లే కాచుకుంటారు, పండుగ అందరికీ అందాలి కదా బేటా" అన్నారు. వాళ్లింటి నుంచి ఉగాదికి బొబ్బట్లు వచ్చాయట.

నాకూ అలాంటి పొట్లమే ఇచ్చారు. శనివారం మా అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి అమ్మీకి ఫోన్ చేసింది. ఖర్జూరం వేస్తే పాలు విరుగుతాయేమోనని ఆవిడ భయం. "నేతిలో బాగా వేయించావా? మంట తగ్గించి వెయ్యి, ఏమీ కాదు" అని అమ్మీ స్పీకర్‌లో తెలుగూ ఉర్దూ కలిపి చెబుతుంటే, అమ్మ గరిట తిప్పుతూ ఒక్కో ముక్కా వేసింది. పాలు విరగలేదు.